రెండు నిమిషాల్లో నలభై లెక్కలు: కొలుస్తున్నది ఎక్కాలనా, చేతి వేగాన్నా?

విజయవాడ సత్యనారాయణపురంలో ఉండే మా మేనకోడలు నాలుగో తరగతి. ప్రతి శనివారం బడిలో ఎక్కాల స్పీడ్ షీట్ ఇస్తారు. 40 గుణకారాలు, రెండు నిమిషాలు, తప్పుకు మైనస్. మొన్న 22 రాసింది, 13 ఒప్పు. ఎక్కాలు రావడం లేదని డైరీలో రాసి పంపారు. అదే షీట్‌ని ఆదివారం పొద్దున్న టైమ్ సంగతి ఎత్తకుండా చేతికిచ్చాను. 37 సరిగ్గా చేసింది. "బెల్ కొట్టేస్తారు మావయ్యా, అందుకే తోచింది రాసేశా" అంది.

టైమ్ షీట్లు పెట్టే ప్రతి టీచరూ ముందు చేయాల్సిన పరీక్ష ఇదే. ఒకే షీట్ టైమ్ లేకుండా ఒకసారి, టైమ్ పెట్టి ఇంకోసారి. రెండుసార్లూ తప్పులే వస్తే ఎక్కాలు ఇంకా రాలేదు, ఆ పిల్లకు గడియారంతో పనే లేదు. టైమ్ లేనప్పుడు వచ్చినవి బెల్ భయానికి పోతే లోపం మన షీట్‌లో ఉంది. కంగారుపడే మనసు లెక్కకు వాడాల్సిన జ్ఞాపకాన్ని కంగారుకే ఖర్చుపెడుతుందని ఆష్‌క్రాఫ్ట్, కర్క్ అనే పరిశోధకులు 2001లోనే చూపించారు.

ఇక ఆ రెండు నిమిషాల లెక్క చూద్దాం. 0 నుంచి 9 వరకు అంకెలు మళ్లీ మళ్లీ రాయమని మా మేనకోడలికి ఒక్క నిమిషం ఇచ్చాను. ఆలోచించే పని లేదు, వట్టి రాత. 50 అంకెలు రాసింది. షీట్‌లో ఐదు తప్ప అన్నీ రెండంకెల జవాబులే, అంటే 75 అంకెలు. అవి రాయడానికే ఆమెకు 90 సెకన్లు కావాలి. 40 లెక్కలు చదివి, గుర్తుచేసుకోవడానికి మిగిలింది 30 సెకన్లు, ఒక్కో లెక్కకు ముప్పావు సెకను! క్లాసులో రాత వేగంగా ఉన్న పిల్లలు గట్టెక్కుతారు, మిగతావాళ్లకు లెక్కలు రావని ముద్ర పడుతుంది.

అసలు టైమే వద్దనేవాళ్లు ఉన్నారు. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ జో బోలర్ వాదన దాదాపు అదే. నేను ఒప్పుకోను. ఏడెనిమిదులు ఎంతో వేళ్ల మీద కూడుకునే పిల్ల రేపు భాగహారంలో సగం దారిలో ఆగిపోతుంది. ఆ ఆగడం గడియారం లేకపోతే మన కంటపడదు.

అందుకని గడియారాన్ని ఉంచి, షీట్‌ని మార్చాను. అడగ్గానే మూడు సెకన్లలోపు నోటితో చెప్పగలిగిన ఎక్కాలే అందులో వేశాను. 6×7, 7×8, 8×6 తీసేసి, టైమ్ లేకుండా విడిగా చదివించాను. షీట్‌లో 60 లెక్కలు, టైమ్ ఒక్క నిమిషం. "ఇది ఎవరికీ పూర్తవదు, పూర్తి చేయడానికి ఇచ్చింది కాదు" అని ముందే చెప్పాను. ఈ ఒక్క మాటతోనే సగం టెన్షన్ దిగింది. పూర్తి చేయగలిగినట్టు కనిపించే షీటే పిల్లల్ని ఎక్కువ వణికిస్తుంది.

మార్కులు లెక్కకు కాదు, సరైన అంకెకు. 36 రాయాల్సిన చోట 35 రాస్తే, పదుల స్థానంలో 3 ఒప్పు కాబట్టి ఒక మార్కు. మైనస్ లేదు. మూడు రోజులు చేయించి నడిమి స్కోరు మాత్రం పుస్తకంలో రాశాను, ఒక్క చెడ్డ రోజు లెక్కలోకి రాకుండా. మొదటి వారం 21, 26, 23 వచ్చాయి, రాసింది 23. మూడో వారం 27, 31, 30 వచ్చాయి, రాసింది 30. ఆమె చేతి హద్దే 50 కాబట్టి ఇది మంచి స్కోరే. తప్పులు కూడా స్కోరుతో పాటు పెరిగితే తొందరపడుతోందని అర్థం. రాసినవాటిలో పదింటికి ఒకటి మించి తప్పు పోతే ఆ వారం గడియారం పక్కన పెట్టాలి. మైనస్ మార్కులు పెడితే ఈ గుర్తు కూడా కనపడదు. మైనస్‌కు భయపడే పిల్ల తప్పు రాయదు, ఖాళీ వదిలేస్తుంది.

"రేపు ఈఏపీసెట్‌లో టైమ్ ఉండదా?" అంటారు గుంటూరు బ్రాడీపేట ట్యూషన్ల దగ్గర తండ్రులు. ఉంటుంది. 160 ప్రశ్నలకు 180 నిమిషాలు, అంటే ప్రశ్నకు నిమిషం పైనే. నెగెటివ్ మార్కులు కూడా లేవు. పదిహేడేళ్లవాళ్లకు ఇచ్చిన ఆ వెసులుబాటు తొమ్మిదేళ్ల పిల్లకు దక్కడం లేదు. ఎందుకంటే మన ఊళ్లలో స్కోరు పిల్ల కోసం పుట్టలేదు, బందరు రోడ్డు హోర్డింగ్ కోసం పుట్టింది. పక్కపిల్లతో పోల్చడానికి పనికిరాని అంకె మనకు అంకెలా అనిపించదు. నాలుగో తరగతి గోడ మీద శనివారం అంటించే స్పీడ్ లిస్టు ఆ హోర్డింగ్‌కి చిన్న నమూనా.

బడికి వెళ్లి పాప నడిమి స్కోర్ల పుస్తకం చూపించాను. టీచరమ్మ ఓపిగ్గా చూసి, "బాగుందండీ, మరి ఇందులో ర్యాంకు ఎక్కడ?" అని అడిగింది.