కీర్తిశేషురాలైన పెళ్లికూతురు

మా చెల్లి పెళ్లి శుభలేఖ పీడీఎఫ్‌ను అందరికీ పంపిన గంటకి బాబాయి ఫోన్ చేశాడు. ఆయనకు చూపు లేదు. లాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ చదివి వినిపిస్తుంది.

"ఒరేయ్, పిల్లకి ఇంకా పెళ్లే కాలేదు కదరా. అప్పుడే కీర్తిశేషురాలిని చేశావేం?"

నాకు చెమటలు పట్టాయి. కార్డులో ఎడమవైపు వరుడు, కుడివైపు వధువు. ఎడమ వరుసలో "కీ.శే." ఒక లైను, కింది లైనులో వరుడి తాతగారి పేరు. పీడీఎఫ్‌లు దిద్దే అక్రోబాట్‌లో Autotag Document నొక్కితే, ఏది దేని తర్వాత చదవాలో స్క్రీన్ రీడర్‌కు చెప్పే ట్యాగులు అదే వేస్తుంది. అది నొక్కి, పనైపోయిందనుకున్నాను. అది రెండు నిలువు వరసలనీ కలిపి అడ్డంగా ట్యాగులు వేసింది. దాంతో "కీ.శే." తర్వాత నేరుగా "చి.ల.సౌ." మా చెల్లి పేరు వచ్చింది. ఫైలు చూపులేనివాళ్లకు పనికొస్తుందా అని తనిఖీ చేసే అక్రోబాట్ చెకర్ మాత్రం చదివే వరసకు Needs manual check అని ప్రశ్నార్థకం పెట్టి, తప్పు తనది కాదన్నట్టు ఊరుకుంది. నేను దాన్ని పాసైనట్టే లెక్కేసుకున్నాను.

సరే, సరిదిద్దుదామని Order ప్యానెల్ తెరిచి ఒక్కోటీ పైకీ కిందికీ లాగాను. వెనకున్న పసుపు రంగు బొమ్మ కూడా జాబితాలో కనిపిస్తే, దానితో పనేముందని అట్టడుగుకి నెట్టాను. మరుక్షణం కార్డంతా పసుపైపోయింది, అక్షరం లేదు! ఆ ప్యానెల్‌లో వరస అంటే పేజీ మీద గీసే వరస కూడా. చివర ఉన్నది అన్నిటి మీదా కూర్చుంటుంది.

"ఇప్పుడు మీకూ కనపడ్డం లేదన్నమాట" అని బాబాయి పడీపడీ నవ్వాడు.

సేవ్ చేయకుండా ఫైలు మూసి మళ్లీ తెరిచి, ఈసారి Tags ప్యానెల్‌కి వెళ్లాను. స్క్రీన్ రీడర్ నడిచేది ఈ ట్యాగుల చెట్టు వెంట. ఇక్కడ వరుడి పేరాలన్నీ ఒకచోటికి, వధువువి వాటి తర్వాతికి లాగాను. కార్డు మీద గీత కూడా కదల్లేదు. చెల్లి బతికింది.

మిగిలినవి బొమ్మలు. అంచున ఉన్న ఆరు అరటాకులకీ శ్రద్ధగా "అరటాకు" అని, బొమ్మ బదులు రీడర్ చదివే ఆల్ట్ టెక్స్ట్ రాశాను. "భోజనం సరే, ముహూర్తం ఎప్పుడ్రా?" అన్నాడు బాబాయి. అలంకారాలకు మాటలక్కర్లేదు, ఆర్టిఫాక్ట్‌గా మారిస్తే రీడర్ దాటేస్తుంది. ఆకులన్నీ మార్చేశాను. హాలుకి దారి చూపే బొమ్మకేమో "మ్యాప్" అని రాసి ఊరుకున్నాను. చెకర్‌కు అది చాలు, ఏదో ఒకటి రాసి ఉంటే టిక్కు పెట్టేస్తుంది. బాబాయికి చాలలేదు.

"మ్యాప్ ఉందని తెలిస్తే హాలుకి ఎలా వస్తాన్రా?"

అది చెరిపి, "రైతుబజారు దాటాక ఎడమకు తిరగాలి, నీళ్ల ట్యాంకు పక్కన రెండో గేటు" అని రాశాను.

పెళ్లి రోజు బాబాయీ పిన్నీ అందరికన్నా ముందొచ్చారు. పెదనాన్న కారు మాత్రం ఊరంతా తిరుగుతోంది. మ్యాప్ చూస్తూనే వస్తున్నారట, ఏమీ అర్థం కావడం లేదట. ఫోన్ బాబాయికిచ్చాను.

"రైతుబజారు దాటారా అన్నయ్యా? ఎడమకు తిప్పమను."