గుండె అయస్కాంతం కాదు, గిన్నెల చప్పుడు

“మన గుండె నుంచి వచ్చే అయస్కాంత తరంగాలు ఎనిమిది అడుగుల దాకా వెళ్తాయి. పక్కవాళ్ల గుండె వాటిని పట్టుకుంటుంది. మెదడులోని మిర్రర్ న్యూరాన్లు ఎదుటివాళ్ల బాధను మనలో అచ్చు వేస్తాయి. అందుకే ఒక్క మాట లేకుండానే ఇల్లంతా, ఆఫీసంతా డల్ అయిపోతుంది. చెడు మూడ్ మంచి మూడ్ కన్నా వేగంగా అంటుకుంటుంది. అలాంటి మనిషిని గుర్తించి దూరం పెట్టండి. సైన్స్ నిరూపించిన నిజం ఇది.”

ఈ ఫార్వర్డును మొదట మా పిన్ని బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. రెండు రోజులు తిరక్కుండా మా ఆఫీసు గ్రూపులోనూ ప్రత్యక్షమైంది. మాట లేకుండా మూడ్ పాకుతుందన్న ఒక్క ముక్క వరకూ నాకు పేచీ లేదు. 1981లో ఫ్రీడ్‌మన్, రిజియో అనే ఇద్దరు పరిశోధకులు ముఖపరిచయం లేని ముగ్గురేసి మనుషులను ఎదురెదురుగా రెండు నిమిషాలు నోరు మెదపకుండా కూర్చోబెట్టారు. ముగ్గురిలో ఎవరి ముఖంలో భావాలు బాగా పలుకుతాయో వాళ్ల మూడ్ మిగతా ఇద్దరికీ ఎక్కింది. ఇక్కడే ఒకటి గమనించాలి. గుండె ముగ్గురికీ కొట్టుకుంటోంది. తరంగాలే పని చేస్తే ముఖం పలికినవాళ్ల మూడే ఎందుకు ఎక్కాలి?

గుండెకు అయస్కాంత క్షేత్రం ఉన్న మాట నిజమే. 1963లో అమెరికాలో బౌల్, మెక్‌ఫీ దాన్ని మొదటిసారి కొలిచారు. అందుకు లక్షల చుట్లున్న తీగచుట్టలు కావలసి వచ్చాయి. తర్వాత దాన్ని స్పష్టంగా చూడటానికి బయటి అయస్కాంతత్వం చొరబడని గదులు కట్టారు, ద్రవ హీలియంలో చల్లబరిచిన పరికరాలు వాడారు. ఎందుకంటే ఛాతీకి ఆనుకుని కొలిచినా అది మన చుట్టూ ఉన్న భూమి క్షేత్రం కన్నా కొన్ని లక్షల రెట్లు చిన్నది. పైగా దూరం పదింతలైతే బలం ఇంచుమించు వెయ్యో వంతుకు పడిపోతుంది. వీధిలో వెళ్లే బస్సు, పైకీ కిందకీ తిరిగే లిఫ్టు అంతకంటే ఎక్కువ అలజడి చేస్తాయి. పక్క సీటాయన గుండెను పట్టుకోగలిగిన వాళ్లం ముందు లిఫ్టు మూడ్‌ను పట్టుకోవాలి కదా!

ఇంత లెక్క కూడా అక్కర్లేదు. 1990లో సీ, హాట్‌ఫీల్డ్ తదితర పరిశోధకులు ఒక మనిషి తన జీవితంలోని సంతోషకరమైన సంగతినో, బాధాకరమైన సంగతినో చెబుతున్న వీడియోను విద్యార్థులకు చూపించారు. చూసినవాళ్ల ముఖాల్లోకీ, మనసుల్లోకీ అదే భావం వచ్చింది. క్యాసెట్లో గుండె ఉండదు. కన్నూ చెవీ తీసుకున్న దానితోనే పని జరిగిపోయింది.

ఆ పని ఎంత త్వరగా జరుగుతుందో చూడాలంటే స్వీడన్‌లో డిమ్‌బర్గ్ చేసిన ప్రయోగాలున్నాయి. చెంప మీద, కనుబొమల మధ్య చిన్న ఎలక్ట్రోడ్లు అంటించి నవ్వు ముఖాలు, కోపపు ముఖాలు చూపించాడు. నవ్వు చూస్తే చెంప కండరం, కోపం చూస్తే నుదుటి కండరం బయటికి కనపడనంత సన్నగా కదిలాయి. 2000లో వచ్చిన ప్రయోగంలో ఆ ముఖాన్ని 30 మిల్లీసెకన్లే చూపి, వెంటనే ఏ భావమూ లేని ముఖాన్ని పెట్టారు. చూశామని కూడా తెలియనంత తక్కువ సమయం. అయినా కండరాలు కదిలాయి.

ఇంట్లో దీన్ని అనుభవంలోంచి చెప్పుకుందాం. ఆయన ఆఫీసు నుంచి వస్తాడు, ఏమీ అనడు. చెప్పులు స్టాండు మీద కాకుండా గోడవారగా పడతాయి, టిఫిన్ బాక్సు సింకులో కాస్త గట్టిగా దిగుతుంది. వంటింట్లో ఆమె భుజాలు బిగుసుకుంటాయి, స్టవ్ మీద గరిట చప్పుడు మారుతుంది. హోంవర్క్ చేస్తున్న పిల్లాడు తలెత్తకుండానే టీవీ సౌండు తగ్గిస్తాడు. ముగ్గురిలో ఎవరూ మాట్లాడలేదు గానీ ఇల్లు నిశ్శబ్దంగా లేదు. చప్పుళ్లూ, నడకా, చూపూ అన్నీ చెబుతూనే ఉన్నాయి.

పసిపిల్లల దగ్గర స్పర్శ కూడా కలుస్తుంది. వెండీ మెండిస్ అనే పరిశోధకురాలి బృందం తల్లులను బిడ్డల నుంచి కాసేపు వేరుచేసి, చిరాగ్గా ముఖం పెట్టిన పరీక్షకుల ముందు ప్రసంగం చేయించింది. ఏం జరిగిందో ఏడాది వయసు పిల్లలకు తెలిసే వీల్లేదు. తల్లి తిరిగి రాగానే ఆ బిడ్డ శరీరం కూడా ఒత్తిడి చూపించింది, కొత్తవాళ్లను చూస్తే ముఖం తిప్పుకుంది. తర్వాతి అధ్యయనంలో కొందరు బిడ్డలు తల్లి ఒడిలో, మరికొందరు పక్కనే కుర్చీలో కూర్చున్నారు. తల్లి ఒత్తిడి పడ్డప్పుడు ఆమె లయకు గట్టిగా జతపడింది ఒడిలో ఉన్న బిడ్డ గుండె. కుర్చీ కూడా ఆ ఎనిమిది అడుగుల లోపలే ఉంది మరి.

మిర్రర్ న్యూరాన్ల సంగతి రెండు మాటల్లో అయిపోతుంది. 1990ల మొదట్లో ఇటలీలోని పార్మాలో రిజొలాటి బృందం వాటిని కోతుల మెదడులో చూసింది. కోతి తాను వస్తువును అందుకున్నప్పుడూ, ఇంకొకరు అందుకుంటుంటే చూసినప్పుడూ అవే కణాలు స్పందించాయి. అది చేతి పనికి సంబంధించిన సంగతి. అక్కడి నుంచి అత్తగారి అలక దాకా ఒక్క గెంతు గెంతడం ఫార్వర్డు రాసినాయన సొంత తెలివి.

చెడు ఎక్కువ వేగంగా అంటుకుంటుందని నేనూ నమ్మేవాణ్ణే. 2002లో సిగల్ బార్సేడ్ అనే పరిశోధకురాలు కూడా అలాగే ఊహించి ప్రయోగం చేసింది. విద్యార్థులను చిన్న చిన్న గుంపులు చేసి, బోనస్ డబ్బు ఎవరికెంత పంచాలో తేల్చమంది. ప్రతి గుంపులోనూ నటనలో తరిఫీదు పొందిన మనిషి ఒకడు రహస్యంగా ఉండేవాడు. ఒక గుంపులో హుషారుగా, ఒక దాంట్లో ప్రశాంతంగా, మరో దాంట్లో చిరాగ్గా, ఇంకో దాంట్లో నీరసంగా ఉండేవాడు. గుంపు మూడ్ అతని వైపు జరిగింది. సంతోషం పాకిన చోట సహకారం పెరిగింది, గొడవ తగ్గింది. చిరాకు సంతోషాన్ని దాటి పాకుతుందన్న ఊహ మాత్రం నిలబడలేదు.

ఇక చివరి సలహా. మనుషుల్ని విడగొట్టేది అదే కనక దాని మీదే నాకు కోపం ఎక్కువ. ఒకే కప్పు కింద అందరూ డల్‌గా ఉంటే ఒకరి నుంచి ఒకరికి అంటిందని వెంటనే అనలేం. అందరికీ ఒకే దెబ్బ తగిలి ఉండొచ్చు. 2008లో అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణపు సమాచారంతో సంతోషం స్నేహితుల మధ్య పాకుతుందని ఫౌలర్, క్రిస్టాకిస్ రాశారు. ఆ అధ్యయనంలోనే సహోద్యోగుల మధ్య ఆ ప్రభావం కనపడలేదు. అదే ఏడాది కోహెన్-కోల్, ఫ్లెచర్ అలాంటి పద్ధతినే మొటిమలు, తలనొప్పి, ఎత్తు మీద పెట్టి చూశారు. లెక్క ప్రకారం ఎత్తు కూడా స్నేహితుల నుంచి అంటుకున్నట్టే తేలింది!

ఈ చిక్కును కాస్త విప్పింది క్రికెట్. 2000లో టాటర్‌డెల్ అనే పరిశోధకుడు మ్యాచ్ ఆడుతున్న వృత్తి ఆటగాళ్లకు జేబు కంప్యూటర్లు ఇచ్చి, రోజులో కొన్నిసార్లు మూడ్ నమోదు చేయించాడు. మ్యాచ్ ఎటు మొగ్గుతోందో, ఎవరి సొంత చికాకులు ఏమిటో లెక్కలోంచి తీసేశాక కూడా జట్టు సంతోషానికీ, ఆటగాడి సంతోషానికీ ముడి మిగిలింది. దాన్ని అంటువ్యాధి అనాలంటే ముందు ఈ తీసివేత జరగాలి.

మా టీమ్‌లో ఆ తీసివేత ఎవరూ చేయలేదు. ఒక గురువారం పొద్దున్నుంచే ఒకాయన ముఖం ముడుచుకుని కూర్చున్నాడు, మధ్యాహ్నానికి టీకి లేచినవాళ్లే లేరు. ఆయనే అందరి మూడ్ పాడు చేశాడని సాయంత్రానికి తీర్మానించేశాం, నేనూ తలూపాను. అసలు సంగతి నెల తర్వాత బయటపడింది. ఇంక్రిమెంట్ లెటర్లు ఆ రోజు పదకొండింటికి ఒక్కొక్కరి మెయిల్‌కీ విడివిడిగా వచ్చాయి, సిగ్గుతో ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. ఆయన లెటరు బుధవారం సాయంత్రమే వచ్చిందట.