జీపీఎస్ వాచ్ తప్పులు వాటంతటవే సర్దుకోవు

"వాచ్ ఒకసారి కుడికి తప్పితే ఇంకోసారి ఎడమకి తప్పుతుంది. ప్లస్సూ మైనస్సూ పోయి చివరికి దూరం సరిగ్గానే వస్తుంది. డ్యూయల్ బ్యాండ్ వాచ్ అయితే బిల్డింగుల మధ్య కూడా టెన్షన్ లేదు. మొత్తం దూరం సరిపోయిందంటే పేస్ కూడా కరెక్టే." ఇలా అనుకునే రన్నర్లుంటారు.

ముందు ప్లస్సూ మైనస్సుల సంగతి. వాచ్ దూరం లెక్కగట్టేది ఒక పాయింటు నుంచి ఇంకో పాయింటుకి గీతలు కలుపుతూ పోయి. మీరు తిన్నగా 20 మీటర్లు పరిగెత్తారనుకోండి. సగం దూరంలో పడ్డ పాయింటు 5 మీటర్లు పక్కకి జరిగితే, రెండు గీతలూ కలిపి 22.4 మీటర్లవుతాయి. అది కుడికి జరిగినా ఎడమకి జరిగినా పెరిగేది అంతే. తిన్నని దారిలో పక్కకి జరిగిన తప్పు దూరాన్ని పెంచుతుందే గానీ తగ్గించదు.

మరి చెట్ల కింద దూరం తక్కువ వస్తుందేం? ఆకులు, కొమ్మలు సిగ్నల్‌ని బలహీనపరుస్తాయి. పాయింట్లు అటూ ఇటూ ఊగకుండా వాచ్ దారిని నునుపు చేస్తుంది. ఆ నునుపులో మలుపులు కూడా కొట్టుకుపోతాయి. 10 మీటర్ల వ్యాసార్థం ఉన్న అర్ధవృత్తపు మలుపు పొడవు 31 మీటర్లు. మొదట్లో ఒక పాయింటు, చివర్లో ఒక పాయింటు మాత్రమే మిగిలితే వాచ్ రాసుకునేది 20. మెలికల దారిలో ఇది ప్రతి మలుపులోనూ జరగొచ్చు. దీన్ని సరిచేయడానికి ఎదురు తప్పు ఎక్కడినుంచి వస్తుంది?

ఉపగ్రహ సిగ్నల్‌ని రెండు ఫ్రీక్వెన్సీల్లో అందుకునే డ్యూయల్ బ్యాండ్ మంచిదే, కాదనను. రెండో బ్యాండ్ ఎల్5 సిగ్నల్ వల్ల, నేరుగా వచ్చినదేదో గోడకి తగిలి వచ్చినదేదో విడదీయడం సులువవుతుంది. కానీ విడదీయాలంటే నేరుగా వచ్చినదీ, తగిలి వచ్చినదీ రెండూ అందాలి కదా! ఎత్తైన బిల్డింగ్ ఉపగ్రహాన్ని పూర్తిగా కప్పేసి, ఎదుటి అద్దాల గోడ మీంచి వచ్చిన సిగ్నల్ ఒక్కటే అందితే, అది 30 మీటర్లు చుట్టు తిరిగొచ్చినా ఉపగ్రహమే అంత ఎక్కువ దూరంలో ఉందని వాచ్ అనుకుంటుంది.

అసలు మోసం పేస్‌లో ఉంది. కిలోమీటరుకి 6:00 నిమిషాల పేస్‌తో 10 కిలోమీటర్లు పరిగెత్తారు. అందులో బిల్డింగుల మధ్య గడిపింది మూడు నిమిషాలు, అంటే 500 మీటర్లు. అక్కడ వాచ్ 560 రాసింది. మొత్తం 10.06 కిలోమీటర్లు, సగటు పేస్ 5:58. ఎవరికీ అనుమానం రాదు. ఆ ముక్కలో మాత్రం పేస్ 5:21 అని చూపిస్తుంది. అది చూసి వేగం తగ్గించుకుంటే పోయేది మీ టైమే.

అనుమానం వస్తే మ్యాప్‌లో మీ గీతని పెద్దది చేసి చూడండి. అది బిల్డింగుల లోపలికి దూరితే ఆ ముక్క పేస్‌ని పక్కన పెట్టేయండి. రేసులో అలాంటి చోట, వాచ్ తనంతట తానే కిలోమీటర్లు విడగొట్టే ఆటో ల్యాప్ ఆపేసి, కిలోమీటరు బోర్డు దాటినప్పుడల్లా ల్యాప్ బటన్ మీరే నొక్కడం మేలు.