52లోంచి 17 తీసేస్తే 45 ఎలా వచ్చింది?

టీచర్ ఉద్యోగం వదిలి సాఫ్ట్‌వేర్ వైపు వచ్చేవాళ్లు ఎక్కడ పరిచయం చేసుకున్నా దాదాపు ఒకే మాట చెబుతారు: ‘ఓపిక ఎక్కువండీ, నలుగురిలో మాట్లాడగలను’ అని. అది విన్నంత మాత్రాన ఆ మనిషికి ఏ పని అప్పగించొచ్చో ఎవరికీ అర్థం కాదు. మొన్న తిరుపతి బాలాజీ కాలనీలో జరిగిన మీటప్‌లో మాత్రం ఒకావిడ వేరేలా మొదలుపెట్టారు. చంద్రగిరి దగ్గర ఓ బడిలో తొమ్మిదేళ్లు లెక్కలు చెప్పి, ఇప్పుడు టెస్టింగ్ నేర్చుకుంటున్నారు. పేరు చెప్పి, బోర్డు మీద 52 - 17 = 45 అని రాశారు.

“మూడో తరగతి పిల్లాడి జవాబిది. ఎక్కడ తప్పాడు?”

ముందు వరసలోని కుర్రాడు ఠక్కున చెప్పాడు. “పక్కింటి నుంచి అప్పు తెచ్చుకున్నాడు మేడమ్, 12లో 7 పోతే 5. కానీ ఆ పక్కింటి 5ని 4 చేయడం మరిచిపోయాడు.”

“కావచ్చు. అసలు అప్పే తెచ్చుకోలేదేమో! ప్రతి స్థానంలో పెద్ద అంకెలోంచి చిన్నది తీసేశాడేమో. 7లో 2 పోతే 5, 5లో 1 పోతే 4. అలా చేసినా 45 వస్తుంది కదా?”

హాల్లో ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. ఇద్దరు పిల్లలకూ నేర్పాల్సింది వేర్వేరు, జవాబు మాత్రం ఒకటే. అందుకే ఆమె 40 - 16 ఇస్తారట. సరైన జవాబు 24. మరిచిపోయేవాడు 34 రాస్తాడు, పెద్దదాంట్లోంచి చిన్నది తీసేవాడు 36 రాస్తాడు. ఆ రెండోవాడి పద్ధతిని ఆమె పైథాన్‌లో చూపించారు:

```python
def sub(a, b):
    return abs(a//10 - b//10)*10 + abs(a%10 - b%10)
```

దీనికి 68, 23 ఇస్తే 45 వస్తుంది. అది సరైన జవాబే. అప్పు అవసరం లేని రెండంకెల తీసివేతలు వంద ఇచ్చినా ఈ కోడ్ పాసవుతూనే ఉంటుంది.

నా దృష్టిలో టెస్టర్ పనిలో కష్టమైన భాగం ఇదే. తప్పు జవాబు కనిపెట్టడం సులువు. రెండు అనుమానాలను విడదీసే ఇన్‌పుట్ ఎంచుకోవడానికే అనుభవం కావాలి. 1978లో జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే పరిశోధకులు పిల్లల తీసివేత తప్పులను ‘బగ్’లుగానే విశ్లేషించారు. చాలా తప్పులు తోచినట్టు రాసినవి కావని, పిల్లలు ఓ తప్పు పద్ధతిని నమ్మకంగా పాటిస్తారని చూపించారు. ఈవిడ తరగతి గదిలో తొమ్మిదేళ్లు చేసింది ఆ పనే.

పోలిక అన్ని చోట్లా అతకదు. పిల్లాడిని ‘ఎలా చేశావు నాన్నా?’ అని అడగొచ్చు, ప్రోగ్రామ్ విషయంలో లాగ్‌లే దిక్కు. గిట్, ఎస్‌క్యూఎల్ ఇంకా పూర్తిగా రాలేదని ఆమే చెప్పారు. ఇంటర్వ్యూలో అవి అడుగుతారు, నేర్చుకోక తప్పదు.

చివర్లో ఎవరో అడిగారు. “34, 36 కాకుండా ఇంకేదైనా రాస్తే మేడమ్?”

“నేననుకోని మూడో కారణం ఉన్నట్టు. పక్కన కూర్చుని, పైకి చెబుతూ చేయమంటాను.”