అద్దె పెంపు మెసేజీ గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ అద్దె పెంపు మెసేజీ గారికి,

జూన్ 28 రాత్రి తమరు హైదరాబాద్‌లోని ఒక డబుల్ బెడ్‌రూమ్ పోర్షన్‌కి వాట్సాప్‌లో వేంచేశారు. తమ దివ్యరూపం ఇది: “నమస్తే. ధరలు బాగా పెరిగినందున, మోటారు కాలిపోయినందున, ట్యాంకర్ల వల్ల వచ్చే నెల నుంచి పది శాతం పెంచడమైనది. సహకరించగలరు.”

కింద రెండు చేతుల దండం బొమ్మ. మెసేజీ మొత్తంలో అర్థమైంది ఆ దండం ఒక్కటే.

“పెంచడమైనది” అన్నారు. ఎవరు పెంచారు? వానలు పడ్డట్టు, నదులు పొంగినట్టు అద్దె తనంతట తానే పెరిగిందనా? “పెంచుతున్నాను” అని రాస్తే ఓనరుగారికి వచ్చే నష్టమేమీ లేదు. ఇక “సహకరించగలరు” అంటే సహకరించే శక్తి మీకుందని. అది మంచి మాటే కానీ, ఎంత డబ్బుతో సహకరించాలో చెప్పలేదు.

పది శాతం దేని మీద? ఇప్పుడు ఆ ఇంటికి నెలకి వెళ్లేది 18,000. అందులో అద్దె 16,500, మెయింటెనెన్స్ 1,500. అద్దె మీదే లెక్కేస్తే పెంపు 1,650, మొత్తం మీద లెక్కేస్తే 1,800. నెలకి 150 తేడా, పదకొండు నెలలకి 1,650. అద్దెకున్నవాళ్లు మొదటి లెక్క పట్టుకుంటారు, ఓనరుగారు రెండోది. ఆ 150 కోసం ఆగస్టులో ఫోన్లు మొదలవుతాయి. శాతం రాయొద్దని కాదు, పక్కన రూపాయలు కూడా రాయాలని మనవి.

అన్నట్టు, పదకొండు నెలలకి పది శాతం పెంపు కూడితే సరిగ్గా ఒక నెల కొత్త అద్దె వస్తుంది. 1,650 పదకొండుసార్లు కూడండి, 18,150. చిన్న పెంపేగా అని తేల్చేసేముందు ఈ కూడిక చేసుకుంటే మంచిది.

తమలో అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట “వచ్చే నెల నుంచి”. ఆ ఇంట్లో జూన్ నెల అద్దె జూలై 5లోపు కడతారు. మరి జూలై 5న కట్టేది పాత అద్దా, కొత్తదా? ఓనరుగారి లెక్కలో జూలైలో చేతికందేదంతా కొత్త అద్దే. అద్దెకున్నవాళ్ల లెక్కలో జూలైలో కట్టేది జూన్ బాకీ, కాబట్టి పాతదే. ఇద్దరూ న్యాయమే మాట్లాడతారు, ఇద్దరికీ తగాదా వస్తుంది. ఏ నెల అద్దె, ఏ తేదీలోపు కట్టేది అని రెండూ రాస్తే ఈ పేచీ ఉండదు.

ఇక కారణాలు. మోటారు ఒక్కసారి కాలింది, పెంపు మాత్రం ప్రతి నెలా ఉంటుంది. అది ఒక్కసారి ఖర్చు, అద్దెలో కలపకూడదు. ట్యాంకర్లు ప్రతి నెలా వస్తాయి, కానీ వాటి చోటు మెయింటెనెన్స్‌లో, బిల్లులతో సహా. ఈ రెండూ తీసేశాక మిగిలేది “ధరలు”. నిజానికి తమకి అంతకన్నా గట్టి కారణమే ఉంది. పోయిన ఆగస్టు 1న మొదలైన అగ్రిమెంటు ఈ జూన్ 30తో ముగుస్తోంది. కొనసాగితే అద్దె పది శాతం పెంచవచ్చని అందులో 4వ షరతు ఉంది. ఇంత ఆధారం బీరువాలో పెట్టుకుని మోటారు మీద ఏడవడం ఎందుకండీ? ఒకవేళ షరతులో అయిదు శాతమే ఉంటే మాత్రం, మిగతా అయిదూ ఆజ్ఞ కాదు, అడగాల్సిన మాట. అప్పుడు “ఒప్పుకుంటారా?” అని రాయాలి.

తమరిని ఇలా తిరగరాశాం:

“నమస్తే. మన అగ్రిమెంటు ఈ జూన్ 30తో ముగుస్తోంది. 4వ షరతు ప్రకారం అద్దె పది శాతం పెంచుతున్నాను. అద్దె 16,500 నుంచి 18,150 అవుతుంది. మెయింటెనెన్స్ 1,500లో మార్పు లేదు. మొత్తం నెలకి 19,650. ఇది జూలై నెల అద్దె నుంచి, అంటే ఆగస్టు 5లోపు కట్టేదాని నుంచి. జూలై 5లోపు జూన్ నెలకి పాత మొత్తం 18,000 ఇస్తే చాలు. అడ్వాన్స్ 33,000 అలాగే ఉంటుంది. కొత్త అగ్రిమెంటు జూలై 1 తేదీతో రాసుకుందాం. ఉంటారో లేదో జూలై 10లోపు చెప్పండి.”

అడ్వాన్స్ గురించి తమరు పెదవి విప్పలేదు. రెండు నెలల అద్దె అడ్వాన్స్ కాబట్టి, కొత్త అద్దె లెక్కన ఇంకో 3,300 అడుగుతారేమోనని ఇంట్లోవాళ్లు ఆ రాత్రంతా లెక్కలేసుకుంటారు. ఆ ఒక్క వాక్యం అందుకే చేర్చాం. అడిగే ఉద్దేశం ఉంటే ఆ అంకె కూడా అక్కడే వేయండి, సెప్టెంబరులో విడిగా ఇంకో దండం బొమ్మతో రావద్దు.

ఇట్లు,
తమ పది శాతాన్ని రూపాయల్లోకి మార్చినవాళ్లు