పెద్నాయన కనిపెట్టిన పంచె

మొన్న ఉగాది గ్రూప్ ఫోటో గురించి మన అసోసియేషన్‌లో ఎవరూ మాట్లాడట్లేదు కాబట్టి నేనే రాస్తున్నా. ఆ రోజు మా అన్న రాలేదు, హాస్పిటల్‌లో డ్యూటీ. స్పాన్సర్ కదా, ఫోటోలో లేకపోతే బాగుండదని కమిటీలో ఎవరో పోయినేడు ఫోటోలోంచి ఆయన్ని కత్తిరించి నా పక్కన నిలబెట్టారు. అది వాట్సాప్‌లో ధర్మవరం చేరింది (ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా అంటారు, మాకు అనంతపురమే). రాత్రి పెద్నాయన ఫోన్. "డ్యూటీ ఉందన్నాడే, ఈడ నవ్వుతా నిలబడ్డాడు. నాకెందుకప్పా అబద్ధం చెప్పేది?"

పెద్నాయనది నలభయ్యేళ్ళ మగ్గం. కంప్యూటర్ ముట్టలేదు. అందుకే మగ్గం భాషలోనే చెప్పినా. "పెద్నాయనా, కొంగులో నెమలి నేస్తావే, నెమలి మగ్గం కాడికి వచ్చిందా?" "యాడొస్తుందిరా, గ్రాఫ్ కాగితంలో గళ్ళు నింపి అట్టలు కొట్టిస్తే పోగులు లేస్తాయి." ఫోటో కూడా అంతే అన్నా, ఫోన్‌లో 12 మెగాపిక్సెల్ అంటే కోటీ ఇరవై లక్షల గళ్ళు, ఒక్కో గడిలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంతో 0 నుంచి 255 దాకా మూడు అంకెలు. ఆ అంకెలు మారిస్తే బొమ్మ మారుతుంది, మనిషి వచ్చాడా లేదా దానికి తెలీదు. పాత ఫోటోలో అన్న నడుము దాకే ఉన్నాడు, కింద కాళ్ళు, పంచె మిషనే నింపింది, లెక్కలేనన్ని ఫోటోలు చూసి నేర్చుకుని పంచె అంటే ఇట్లుంటుందని అంచనా వేసి.

కాసేపు మాట లేదు. మనవడితో ఫోటో పెద్దది చేయించుకున్నాడంట. "ఒరే, వీడి పంచె అంచు కుచ్చిళ్ళ కాడ మడతలోకి పోయి మళ్ళీ బయటికి రాలేదు. నేసిన అంచు అట్ల మాయం కాదు. అందరి కాళ్ళ కింద నీడ ఉంది, వీడికి లేదు." నాకు అంతవరకూ కనపడలేదు, సిగ్గేసింది.

అన్నిసార్లూ ఇట్ల దొరకదు. కొత్త టూల్స్ నీడ కూడా వేస్తున్నాయి, పైగా వాట్సాప్ ఫోటోని కుదించి పంపుతుంది కాబట్టి అతుకుల దగ్గర గళ్ళు కలిసిపోతాయి. అప్పుడు ఫోటో తీసినోళ్ళ ఫోన్‌లో అసలు ఫైల్ అడగాలి, లేదా పక్కన నిలబడినోళ్ళని అడగాలి.

అతికించడం కొత్తేం కాదు, మా ఇంట్లో దండేసిన అవ్వాతాతల జంట ఫోటో కూడా స్టూడియోలో రెండు ఫోటోలు కలిపిందే. కాకపోతే అది అతుకని ఊరంతా తెలుసు.

అందుకే కమిటీ వాళ్ళకి ఒకటే అడుగుతున్నా, దాతల పేర్లు ఫోటో కింద వేయండి, రాని మనిషిని మాత్రం నిలబెట్టద్దు, నిలబెడితే కింద ఒక్క లైన్ రాయండి. పెద్నాయన ఆ ఫోటో ప్రింట్ తీయించి వెనకాల పెన్నుతో రాసి పెట్టుకున్నాడు, "వీడు రాలేదు, డ్యూటీ" అని.