నెల రోజుల్లో ఒక్క మిల్లీమీటరేనా?

జూలై చివర్లో ఒక రాత్రి మా వీధిలో ఉండే అమ్మాయి ఫోన్ చేసి, హలో కూడా అనకుండా "అక్కా, వీడు ఎదగట్లేదు" అంది. వేసవికి విజయవాడ వెళ్ళినప్పుడు, పిల్లాడికి 23 నెలలు నిండిన వారంలో, అక్కడి పిల్లల డాక్టరు కొలిచి చీటీ మీద 85.9 సెంటీమీటర్లని రాశారట. తిరిగొచ్చాక ఇక్కడ అమెరికాలో రెండేళ్ళ చెకప్‌లో 86.0 వచ్చింది. నెలకి ఒక్క మిల్లీమీటరు. వాళ్ళమ్మగారు అప్పుడే "నీళ్ళు మారి పిల్లాడు దెబ్బతిన్నాడు" అని తేల్చేశారు.

పిల్లల క్లినిక్కులో నర్సుగా పదకొండేళ్ళ నుంచి చేస్తున్నాను. ఇలాంటి ఫోన్ వచ్చినప్పుడు తిండి గురించి అడగను. "అక్కడ పడుకోబెట్టి కొలిచారా, నిలబెట్టి కొలిచారా?" అనడిగాను.

"పడుకోబెట్టే. చెక్క బోర్డు మీద. ఏడ్చి గోల చేశాడు."

"మరి ఇక్కడ?"

"గోడకి నిలబెట్టారు. స్టిక్కర్ ఇస్తామంటే బుద్ధిగా నిలబడ్డాడు."

ఇంకేముంది, విషయం అక్కడే తేలిపోయింది. ఏ మనిషైనా పడుకున్నప్పటికంటే నిలబడ్డప్పుడు కాస్త పొట్టి. నిలబడితే తల, మొండెం బరువు వెన్నుపూసల మధ్య ఉన్న మెత్తటి బిళ్ళల మీద పడుతుంది, అవి కొంచెం అణుగుతాయి. నడుము దగ్గర వెన్ను లోపలికి వంగుతుంది. రెండేళ్ళ పిల్లల్లో ఈ తేడా సగటున 0.7 సెంటీమీటర్లు. ఆ వయసులో మగపిల్లాడు నెలకి ఇంచుమించు 0.9 సెంటీమీటర్లు పెరుగుతాడు. అంటే వీడు పెరగాల్సినంతా పెరిగాడు, పెరిగినదాంట్లో 0.7 నిలబెట్టడంలో పోయింది. మిగలాల్సింది రెండు మిల్లీమీటర్లు, కనబడింది ఒకటి. కదిలే పిల్లాణ్ణి కొలిచేటప్పుడు ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎటైనా పోతాయి, దాని గురించి నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు.

మన భాషలో పొడవు, ఎత్తు అని రెండు మాటలున్నా "ఎంత పొడుగయ్యాడో" అని ఒక్కదానితోనే సరిపెట్టేస్తాం. పిల్లల చార్టులో మాత్రం అవి రెండు వేర్వేరు కొలతలు. పడుకోబెట్టి కొలిస్తే పొడవు, నిలబెట్టి కొలిస్తే ఎత్తు.

పసివాళ్ళని పడుకోబెట్టడానికి కారణం వాళ్ళు నిలబడలేకపోవడం ఒక్కటే అయితే, ఏడాది నిండగానే మార్చేయొచ్చు. కానీ పదిహేను నెలల పిల్లాణ్ణి గోడకి ఆనించి చూడండి. కాళ్ళు ఎడంగా పెడతాడు, మోకాళ్ళ దగ్గర కాళ్ళు విల్లులా వంగి ఉంటాయి, బొజ్జ ముందుకొస్తుంది, మడమలు గోడకి ఆనవు. అలా తీసిన అంకె వాడి ఒడ్డూ పొడుగూ చెప్పదు, ఆ క్షణంలో ఎలా నిలబడ్డాడో చెబుతుంది. రెండేళ్ళు వచ్చేసరికి కాళ్ళ వంపు చాలావరకు సర్దుకుంటుంది, చెప్పిన మాట అర్థమవుతుంది (వింటాడని కాదు). ఆ పుట్టినరోజున ఎముకల్లో మాయేమీ జరగదు. ఎక్కడో ఒకచోట గీత గీయాలి కాబట్టి అక్కడ గీశారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన చార్టులు ఈ గీత మీదే నిలబడ్డాయి. వాటికోసం ఢిల్లీ, అక్రా, మస్కట్, ఓస్లో, బ్రెజిల్‌లోని పెలోటాస్, కాలిఫోర్నియాలోని డేవిస్‌లలో పిల్లల్ని కొలిచారు. 18 నుంచి 30 నెలల మధ్య పిల్లల్ని రెండు విధాలా కొలిచారు, 0.7 అనే అంకె అక్కణ్ణుంచి వచ్చిందే. మగపిల్లల పట్టికలో 24 నెలల దగ్గర మధ్య అంకెలు రెండుంటాయి: పొడవైతే 87.8, ఎత్తైతే 87.1. చార్టులో ఎదుగుదల గీత అక్కడ మెట్టు దిగినట్టు విరుగుతుంది. ఏ కారణం చేతనైనా రెండేళ్ళలోపు పిల్లాణ్ణి నిలబెట్టి కొలిస్తే 0.7 కలపాలి, రెండేళ్ళు దాటినవాణ్ణి పడుకోబెట్టి కొలిస్తే 0.7 తీసెయ్యాలి.

ఇండియాలో అయిదేళ్ళ దాకా ఈ చార్టులే. అమెరికాలో మాత్రం రెండేళ్ళ చెకప్‌లోనే చార్టు కూడా మారిపోతుంది, అక్కణ్ణుంచి ఈ దేశపు ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చార్టు పెడతారు. భంగిమ, చార్టు రెండూ ఒకే రోజున మారేసరికి అదే వయసు పిల్లల్లో వాడి స్థానం చెప్పే పర్సెంటైల్ పైకో కిందకో గెంతడం మామూలే. ఆ ఒక్క చెకప్ అంకె చూసి బెంగపడొద్దని నేను అందరికీ చెబుతాను. తర్వాతి రెండు చెకప్‌లు చూడాలి.

అయితే పడుకోబెట్టి కొలవడం కూడా సరిగ్గా జరగాలి కదా. అసలు పద్ధతికి ఇద్దరు కావాలి. ఒకరు తలని బోర్డు పైచెక్కకి ఆనించి, చెవి రంధ్రం నుంచి కంటి గుంట కింది అంచుకి గీసిన గీత నిట్టనిలువుగా ఉండేలా పట్టుకోవాలి. రెండోవారు మోకాళ్ళ మీద మెల్లగా ఒత్తి కాళ్ళు చాపి, జరిగే చెక్కని పాదాలకి ఆనించాలి. వేళ్ళు పైకి చూస్తుండాలి. పుట్టినవాళ్ళ కాళ్ళు ముడుచుకునే ఉంటాయి కాబట్టి వాళ్ళని గట్టిగా చాపకూడదు. ఇక్కడ చాలాచోట్ల చేసేది వేరు: బల్ల మీద పరిచిన కాయితం మీద తల దగ్గర పెన్నుతో ఒక గీత, మడమ దగ్గర ఒక గీత, మధ్యలో టేపు. పిల్లాడు మెలికలు తిరుగుతుంటాడు, కాయితం జరుగుతుంటుంది. అలా వచ్చే తప్పు ముందు ఈ 0.7 లెక్కలోకే రాదు. పైగా పావు అంగుళానికి సర్దేస్తే (అది 0.6 సెంటీమీటర్లు) ఇక ఏం మిగిలింది? నాలాంటి నర్సులే ఇలా చేస్తారు, వెనక ఇంకో ఆరుగురు పిల్లలు వెయిట్ చేస్తుంటారు కాబట్టి. కారణం అర్థమైనా నేను ఒప్పుకోను.

మన పిల్లలకి ఈ పొరపాటు వల్ల ఒక రాత్రి నిద్ర పోతుందేమో, అంతే. ఎదుగుదల నిజంగా ఆగిన పిల్లాడి విషయంలో కథ వేరు. 24 నెలల మగపిల్లాడి ఎత్తు 81.0 కంటే తక్కువైతే వయసుకి తగ్గ ఎదుగుదల లేనట్టు లెక్క. వాణ్ణి పడుకోబెట్టి కొలిచి 81.3 అని ఎత్తు గడిలో రాశారనుకోండి, బాగానే ఉన్నట్టు కనబడతాడు. అసలు ఎత్తు 80.6. అంగన్‌వాడీల్లో పసివాళ్ళకి పడుకోబెట్టే బోర్డూ, పెద్దవాళ్ళకి నిలబెట్టే పరికరమూ వేర్వేరుగా ఇచ్చింది ఇందుకే.

అందుకని నా పట్టుదల ఒకటే: ప్రతి అంకె పక్కనా ఎలా కొలిచారో రాసి ఉండాలి. ఇండియాకీ ఇక్కడికీ తిరిగే మన పిల్లలకైతే మరీను. 24 నెలల చెకప్‌లో రెండు రకాలుగానూ కొలవమని అడగండి, సెంటీమీటర్లలోనే చెప్పమనండి. మహా అయితే రెండు నిమిషాల పని. కొందరు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

ఆ అమ్మాయి దగ్గర పిల్లాడి నోటుబుక్కు ఉంది. ఆ రాత్రే ఫోన్‌లో నేను చెబుతుంటే 85.9 పక్కన "ప" అనీ, 86.0 పక్కన "ని" అనీ రాసుకుంది. జనవరిలో 30 నెలల చెకప్ అయ్యాక ఆ పేజీ ఫోటో తీసి వాళ్ళమ్మకి పంపి, నాకూ పంపింది. 90.7, ని.